ఖాళీ గడి, తెగిన పోగు

మంగళగిరిలో ఆ వీధివాళ్ళకి మగ్గం చప్పుడు వినపడదు. పుట్టిన దగ్గర్నుంచీ చెవిలో ఉన్నదే కాబట్టి అది మోగుతున్నంతసేపూ లేనట్టే లెక్క. ఆగితేనే వినపడుతుంది. రావమ్మకైతే ఆగబోయే ముందే వినపడేది. పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో నూలు చుట్టిన కండె ఖాళీ అవుతుంటే దెబ్బ కొంచెం తేలిక పడుతుందని ఆమె నమ్మకం. ఆ తేలిక చెవినపడగానే చేతిలో పుస్తకం ఉంటే పుస్తకం, చీపురుంటే చీపురు అక్కడే పడేసి కండెలు చుట్టే రాట్నం దగ్గరికి పరుగెత్తేది. ఆమె వెళ్ళేసరికి మగ్గం ఆగేది. లోపల్నుంచి అంకమ్మరావు, "ఇదుగో" అనేవాడు. పెళ్ళైన ఎనిమిదేళ్ళలోనూ అతను భార్యని పేరుపెట్టి పిలిచింది తక్కువ. "ఇదుగో" అంటే కండె అయిపోయిందని అర్థం.

ఆ ఇంట్లో మగ్గాలు రెండు. ఆడేది ఒకటి. రెండోది రావమ్మ మామగారు మార్కండేయులు గారిది. ఆయన ఆషాఢంలో పోయారు. మగ్గం విప్పి అటకెక్కించారు. కాళ్ళు పెట్టుకునే గుంట మాత్రం ముందుగదిలో అలాగే ఉండిపోయింది. ఎవరూ పడిపోకుండా దాని మీద చెక్క పలకలు పరిచారు. ఆ ఇల్లు మొత్తం మీద నూలు లేని చోటు, ఎవరూ కూర్చోని చోటు ఆ పలకలే. రావమ్మ చదువుకోవడానికి అక్కడే కూర్చునేది. కదిలినప్పుడల్లా కింద గుంట బోలుగా పలికేది.

ఆ పలకలకి ఒక గడువుంది. మార్కండేయులు గారు మంచాన పడ్డ రోజుల్లోనే రావమ్మ ప్రైవేటుగా మెట్రిక్ రాసి తప్పింది. పేపర్లో నంబరు లేదని తెలిసి అంకమ్మరావు పేపరు మడిచిపెట్టి మగ్గంలో దిగాడు. అత్తగారు చౌడేశ్వరమ్మ మాత్రం, అయిందిగా సరదా, అంది. ముసలాయన దగ్గుతూనే, "ఇంకోసారి రాయనీ. తప్పితే అప్పుడు చూద్దాం," అన్నారు. ఆ తర్వాత పది పదిహేను రోజులకే పోయారు. చావబోయే మనిషి నోటివెంట వచ్చిన మాట కాబట్టి చౌడేశ్వరమ్మ దాన్ని కాదనలేకపోయింది. అయితే ఆమె తన మాట కూడా చెప్పింది. ఏడాది తిరిగి సంవత్సరీకం అయ్యాక పలకలు లేస్తాయి. ఆయన మగ్గం మళ్ళీ దిగుతుంది. ఈలోపు రావమ్మ పాసైతే టీచరు ట్రైనింగుకి పంపుతారు, తప్పితే రెండు మగ్గాలకీ కండెలు చుడుతుంది, ఇక పుస్తకం మాట ఎత్తకూడదు.

ఇందులో ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి లేదు. చౌడేశ్వరమ్మకి ఆ గుంట మూసుకుని ఉండటం భరించరానిదిగా ఉండేది. ఆమె పొద్దున్నే లేచి ముందుగదిలోకి వచ్చి, పలకల పక్కన ఒక నిమిషం నిలబడి వెళ్ళిపోయేది. ఆ నిలబడటం రావమ్మ చూసీ చూడనట్టుండేది.

ఆదివారం ఆదివారం రావమ్మ బస్సెక్కి, బ్యారేజి దాటి బెజవాడ వెళ్ళేది. గవర్నరుపేటలో ఒక మహిళామండలి మేడ మీద సంపూర్ణమ్మ గారని రిటైరైన టీచరుగారు ఆడవాళ్ళకి మెట్రిక్ పాఠాలు చెప్పేవారు. పెళ్ళై చదువాపేసినవాళ్ళు, భర్తలు పోయినవాళ్ళు, నర్సు పనికి వెళ్దామనుకునేవాళ్ళు వచ్చేవారు. సంపూర్ణమ్మ గారు మాట మెత్తన, పట్టు గట్టి. తప్పిన వాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టేవారు. రావమ్మని కిందటేడు ఎలా చదివావని అడిగారు.

మొదట తెలుగు మొత్తం చదివానని, అది అయ్యాక సోషలు పట్టానని, అది అయ్యేసరికి ఫిబ్రవరి వచ్చిందని రావమ్మ చెప్పింది. లెక్కలు చివర్లో ఉంచింది. అప్పటికి తెలుగు సగం మరిచిపోయింది.

"పడుగు నేసినట్టు చదివావన్నమాట. ఈ చివర మొదలుపెట్టి ఆ చివరకి," అన్నారు సంపూర్ణమ్మ గారు.

క్లాసులో నవ్వారు. రావమ్మ తలొంచుకుంది. మరింకెలా నేస్తారు అనిపించింది గానీ అనలేదు.

ఆవిడ ఒక పద్ధతి చెప్పారు. పెద్ద కాగితం తీసుకుని అన్ని సబ్జెక్టుల పాఠాలూ వరసగా రాయాలి. ఒక్కో పాఠం పక్కన ఒక గడి. పుస్తకం మూసి ఆ పాఠం మీద ప్రశ్నకి జవాబు రాయగలిగితేనే గడిలో టిక్కు. చదివినందుకు టిక్కు లేదు. వారానికి ఏయే పాఠాలు చేయాలో వారం మొదట్లో అనుకోవాలి. వారం చివర ఒక గంట కూర్చుని, అనుకున్నవేమిటి, అయినవేమిటి, కానివి ఎందుకు కాలేదు అని చూసుకోవాలి. చూసుకుని వచ్చే వారాన్ని మార్చుకోవాలి. "మార్చుకోవడమే అసలు పని. టిక్కులు ఎవరైనా పెట్టుకుంటారు," అన్నారు.

రావమ్మ ఆ సాయంత్రమే పాత గోడ క్యాలెండరు కాగితాలు తిరగేసి, అంచులు కలిపి, పడుగు పోగులకి పెట్టే గంజి కాస్త వేలితో రాసి, పలకల పైనున్న గోడకి అంటించింది. బొగ్గు పెన్సిలుతో పాఠాలన్నీ రాసింది. గడులు గీసింది. చూస్తే గళ్ళచీర ఆరేసినట్టుంది. అంకమ్మరావు మగ్గం దిగి వచ్చి చూసి, అంచు బాగుందిగానీ జరీ ఎక్కడ, అన్నాడు. అతను వేళాకోళం చేస్తే మంచి మూడులో ఉన్నట్టు.

వారం చివర లెక్క చూసుకోవడానికి శనివారం మధ్యాహ్నం పెట్టుకుంది. ఆ పూట అంకమ్మరావు నేసిన గుడ్డ చేనేత సొసైటీకి ఇచ్చి నూలు తెచ్చుకోవడానికి వెళ్ళేవాడు. మగ్గం ఆగి ఉండేది. వారం మొత్తంలో ఆమె చెవులకి సెలవు అదొక్కటే.

మొదటి శనివారం బాగానే గడిచింది. రెండోది కూడా. ఆ తర్వాత బీజగణితంలో కారణాంకాల దగ్గర పని ఆగింది. మధ్య పదాన్ని రెండుగా విడగొట్టాలి. ఆ రెంటినీ కూడితే మధ్య పదం రావాలి, గుణిస్తే మొదటిదీ చివరిదీ గుణించినంత రావాలి. అన్నీ కూడికలైతే రావమ్మకి వచ్చేసేది. మైనస్ గుర్తు తగిలితే చేతిలోంచి జారిపోయేది. ఒకసారి కూడిక సరిపోతే గుణకారం సరిపోదు, అది సరిపోతే ఇది తప్పుతుంది. ఆమె ఆ పాఠాన్ని వదల్లేదు. మర్నాడు అదే, ఆ మర్నాడూ అదే. శనివారం కాగితం ముందు కూర్చుంటే అక్కడినుంచి కిందకి అన్నీ తెల్లగా ఉన్నాయి.

పత్తి ఏరుతున్నట్టు వేళ్ళు కదుపుకుంటూ చౌడేశ్వరమ్మ ఆ పక్కనే నిలబడింది. ఆమెకి చదువు రాదు, గళ్ళు మాత్రం కనిపిస్తాయి.

"ఇవన్నీ ఖాళీయేం?"

"ఇది రాలేదత్తయ్యా. ఇది రాకుండా కిందివి ఎలా చదవను?"

చౌడేశ్వరమ్మ తలాడించింది. అప్పుడే మొదటిసారిగా అత్తాకోడళ్ళిద్దరూ చదువు విషయంలో ఒకే మాట మీద ఉన్నారు. తెగిన పోగు అతక్కుండా మగ్గం ముందుకు నడపరాదు. ఆ ఇంట్లో అది పసిపిల్లలకి కూడా తెలిసిన నీతి. పోగు తెగితే నాడె ఆపాలి, వెతకాలి, ముడెయ్యాలి, దువ్వెనలాంటి అచ్చులోంచి మళ్ళీ తీయాలి, అప్పుడు కదలాలి. చూసీ వదిలేసి నేస్తే ఆ గీత గుడ్డ పొడుగునా వస్తుంది. అలా వదిలేసినవాడు మార్కండేయులు గారి గడప తొక్కేవాడు కాదు.

మరో రెండు వారాలు కూడా రావమ్మ ఆ పోగు దగ్గరే కూర్చుంది. పగలు వంట, కండెలు, మధ్యలో కారణాంకాలు. మగ్గం దెబ్బ తేలికపడగానే లేచేది, తిరిగొచ్చేసరికి ఎక్కడ ఆపిందో తెలిసేది కాదు. మళ్ళీ మొదటినుంచి. అన్నం తింటూ మైనస్సులు గొణిగేది. అంకమ్మరావు కంచంలో పప్పు రెండుసార్లు వడ్డించి, పులుసు పోయడం మరిచిపోయింది. అతను తిని లేచాడు గానీ, ఆ కాగితం వచ్చాక ఇంట్లో పులుసు మానేశారా అని వీధిలో ఎవరితోనో అన్నట్టు తర్వాత తెలిసింది.

ఆదివారం కాగితం నకలు సంపూర్ణమ్మ గారికి చూపించింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"ఏమ్మా, మూడు వారాలుగా ఒక్క గడి ముందే కూర్చున్నావా?"

"పోగు తెగిందండీ. అతక్కుండా ఎలా పోను?"

"మీ ఇంట్లో పోగు తెగితే ఎంతసేపు అతుకుతారు?"

"చిటికెలో అయిపోద్దండీ."

"మూడు వారాలు పడితే?"

రావమ్మ నకలు వంక చూసుకుంది. అలా ఎవరికీ పట్టదు.

సంపూర్ణమ్మ గారు ఆ గడిలో చిన్న సున్నా చుట్టారు. చుట్టి, దీన్ని వదలడం లేదు, పక్కన పెడుతున్నాం, అన్నారు. ప్రతి శనివారం దాని దగ్గరికి వచ్చి ఒక్క లెక్క చెయ్యమన్నారు. వస్తే సరే. రాకపోతే మూసేసి ముందుకు పొమ్మన్నారు. వడ్డీ లెక్కలకీ, క్షేత్రగణితానికీ కారణాంకాలతో పనిలేదు, అవి మొదలుపెట్టమన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. కారణాంకాలు విడగొట్టడం రాకపోతే ముందు కలపడం చెయ్యమన్నారు. రెండు బ్రాకెట్లు తీసుకుని గుణించి, మధ్య పదం ఎక్కడినుంచి పుట్టిందో కళ్ళతో చూడమన్నారు. రోజుకి రెండు చాలన్నారు.

బస్సులో తిరిగొస్తుంటే కృష్ణ మీద గాలికి కాగితం ఎగిరిపోబోయింది. రావమ్మ పట్టుకుని రవికలో దోపుకుంది. మనసు మాత్రం కుదుటపడలేదు. సున్నా చుట్టిన గడి దాటి కిందికి పోవడం దొంగతనంలా అనిపించింది.

మర్నాడు గోడమీది గడిలో కూడా సున్నా చుట్టి వడ్డీ లెక్కలు మొదలుపెట్టింది. ముందుకు సాగుతూనే ఉంది గానీ మనసు వెనకే ఉంది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కూర్చోవాలనిపించేది. చౌడేశ్వరమ్మ ఆ సున్నాని చూసి అదేమిటంది. పక్కన పెట్టిన పాఠమంటే మొహం అదోలా పెట్టింది. "పక్కన పెట్టిన పోగు పక్కనే ఉంటుందా అమ్మాయ్? గుడ్డ పొడుగునా వస్తుంది," అంది. రావమ్మకీ అదే భయం.

అయినా ఆ శనివారం గడులు చూస్తే వడ్డీ లెక్కల్లో నాలుగు టిక్కులున్నాయి. అనుకున్నవి ఆరు. కాని రెంటికీ పక్కన ఎందుకో రాసుకుంది: కండెలు. ఆ తర్వాతి శనివారం కాని వాటి పక్కన కూడా కండెలు. ఆ తర్వాతి దాని పక్కనా అదే. ఒక పక్క ఒకే మాట కిందకి కిందకి దిగి ఉంటే రావమ్మకి నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ తన తెలివి తక్కువనుకుంది. కాగితం మాత్రం కండెలంటోంది.

ఇంకాస్త పరకాయించి చూస్తే మరోటి కనిపించింది. మధ్యాహ్నం పెట్టుకున్న లెక్కలే మిగిలిపోతున్నాయి. పద్యాలూ, సోషలూ మిగలడం లేదు. పద్యం రాట్నం తిప్పుతూ కూడా నోట్లో నడుస్తుంది. లెక్కకి రెండు చేతులూ కావాలి, తెగని అరగంట కావాలి. మధ్యాహ్నం మగ్గం జోరుగా ఆడే వేళ. అప్పుడే ఆమె లెక్కలు పెట్టుకుంది. తెల్లారుజామున, అంకమ్మరావు వీధిలో పడుగు చాపి గంజి పెట్టే రోజుల్లో అయితే మగ్గం ఎటూ ఆడదు. మిగతా రోజుల్లో కూడా అతను కాఫీ తాగి మగ్గంలో దిగేలోపు కొంత వ్యవధి ఉంటుంది. లెక్కల్ని అక్కడికి లాగింది. పద్యాల్ని రాట్నం దగ్గరికి తెచ్చింది.

కండెల సంగతి మాత్రం మొగుడితో మాట్లాడకుండా తేలేది కాదు. ఆ ఇంట్లో కండె చుట్టింది చుట్టినట్టు నాడెలోకి పోవడమే అలవాటు. మార్కండేయులు గారి హయాం నుంచీ అంతే. రావమ్మ సాయంత్రంపూట మర్నాటికి సరిపడా చుట్టి, బుట్టలో పెట్టి, ఎండిపోకుండా తడిగుడ్డ కప్పుతానంది. ఖాళీ కండెలు ఇంకొన్ని కావాలంది. అంకమ్మరావు గడ్డం గోక్కున్నాడు. బుట్టెడు కండెలు పక్కనుంటే తను గొప్పింటివాడినని అనుకుంటానేమో అన్నాడు. తర్వాతి వారం సొసైటీ నుంచి వస్తూ ఖాళీ కండెలు తెచ్చి పలకల మీద పెట్టాడు.

బుట్ట పెట్టిన మొదటిరోజు రావమ్మకి ఏ పనీ తోచలేదు. మగ్గం దెబ్బ తేలికపడేది, ఈమె లేచేది, అటు అంకమ్మరావు బుట్టలోంచి కండె తీసుకుని మళ్ళీ మొదలెట్టేవాడు, ఈమె కూర్చునేది. సాయంత్రందాకా అలా లేస్తూ కూర్చుంటూనే గడిచింది. "నిన్ను పిలిచిందెవరే?" అంది చౌడేశ్వరమ్మ. నాలుగైదు రోజులకి చెవి కాస్త నెమ్మదించింది. పూర్తిగా ఎప్పుడూ నెమ్మదించలేదు.

అంకమ్మరావు శనివారం సొసైటీకి పట్టుకెళ్ళే గుడ్డ కొంచెం పొడుగైంది. మగ్గం ఆగడం తగ్గిందిగా మరి. ఆ సంగతి అతను చెప్పలేదు, చౌడేశ్వరమ్మే మడతలు చూసి కనిపెట్టింది. కనిపెట్టి, గోడ మీది కాగితం వంకా, కోడలి వంకా చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

కారణాంకాలు ఒక శనివారం ఉన్నట్టుండి లొంగాయి. బ్రాకెట్లు గుణించి గుణించి, మైనస్సులు ఎలా పుడతాయో అలవాటైంది. ఆ రోజు ఒక లెక్క చేసింది, వచ్చింది. నమ్మకం లేక ఇంకోటి చేసింది. అదీ వచ్చింది. సున్నా మీదే టిక్కు కొట్టింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఇంట్లో ఉన్నది చౌడేశ్వరమ్మ ఒక్కతే, ఆమె పెరట్లో పేడ అలుకుతోంది.

అన్నీ అలా సాగాయనుకుంటే తప్పు. చలికాలం మధ్యలో సంపూర్ణమ్మ గారు పాత టిక్కుల మీద ప్రశ్నలు అడిగారు. మొదట్లో పెట్టిన టిక్కుల్లో కొన్ని ఊడిపోయాయి. భూగోళంలో నదులు ఎటునుంచి ఎటు పోతాయో తారుమారు చేసింది. గుడ్డ ఒకసారి నేస్తే నేసినట్టే ఉంటుంది, చుట్టి పెడితే విప్పినప్పుడు అంతే ఉంటుంది. చదువు అలా ఉండదని రావమ్మకి ఆ రోజు తెలిసింది. టీచరుగారు చెప్పినట్టు రెండో గడి గీసింది. శనివారం పాత పాఠాల్లో రెండుమూడు తిరగేసి, పుస్తకం చూడకుండా చెప్పగలిగితే ఆ రెండో గడిలో టిక్కు. రానివి మళ్ళీ వచ్చే వారంలోకి.

ఆ శనివారాల్లో చౌడేశ్వరమ్మ దగ్గర్లోనే మసిలేది. పద్యం అప్పజెప్పుకుంటుంటే వినేది. రావమ్మ ఎక్కడ తడబడిందో పుస్తకం అక్కర్లేకుండానే పట్టేసేది. "అక్కడ మింగావు," అనేది. మళ్ళీ చెప్పించుకునేది. ఆమెకి పద్యం ఇష్టమో, మనిషి గొంతు వినడం ఇష్టమో చెప్పలేం. మార్కండేయులు గారు మగ్గం మీద కూర్చుని ఏవో తత్వాలు పాడుకునేవారట. ఒకసారి రావమ్మ పద్యం ఆపింది. చౌడేశ్వరమ్మ కాలితో పలకని మెల్లగా తట్టింది. గుంట బోలుగా పలికింది. "ఆయన ఇక్కడుంటే ఇల్లు నిండుగా ఉండేది," అంది. రావమ్మ పుస్తకం మూసింది. ఆ వారం సమీక్ష అక్కడితో సరి.

మగ్గానికి కొత్త పడుగు ఎక్కించే, ఇంటిల్లిపాదికీ పనుండే వారం ఒకటి వచ్చింది. దాని వెంటనే ఇంట్లో అందరికీ జ్వరాలు. వారం మొత్తం ఒక్క టిక్కు పడలేదు. రావమ్మ బెదిరిపోయి తర్వాతి వారానికి రెండు వారాల పాఠాలూ కుక్కింది. సగం కూడా కాలేదు. ఆ సగం దాని తర్వాతి వారం మీద పడింది. కాగితం నిండా బాకీలున్నట్టు అనిపించి చూడటమే మానేసింది. ఆదివారం సంపూర్ణమ్మ గారు, పోయిన వారం పోయింది, దాన్ని ఇంకో వారం నెత్తిన పెట్టొద్దన్నారు. ఇకనుంచి ప్రతి వారంలో ఒక పూట ఖాళీగా వదిలేయమన్నారు. ఏదన్నా వెనకబడితే ఆ పూటలో పడుతుంది. ఏదీ వెనకబడకపోతే నిద్రపో అన్నారు. రావమ్మ శుక్రవారం పూట ఖాళీ పెట్టుకుంది. ఆ పూట ఎప్పుడూ నిద్రపోలేదు. ఏదో ఒకటి వెనకబడుతూనే ఉండేది.

పరీక్షలకి నెల ముందు ఆఖరిసారి పెద్ద లెక్క చూశారు. మిగిలిన పాఠాలు, మిగిలిన వారాలు పక్కపక్కన పెడితే వారాలు చాలవు. సంపూర్ణమ్మ గారు పెన్సిలుతో ఒక్కోటి చూపిస్తూ, ఇది వదిలేస్తే ఎంత పోతుంది, ఇది చదివితే ఎంత వస్తుంది, అని అడిగారు. చివరికి వృత్తాలకి స్పర్శరేఖల పాఠం దగ్గర ఆగారు. దాని మీద ఒక ప్రశ్న వస్తే వస్తుంది, దానికి బదులు రాసుకునేందుకు ఇంకోటి ఉంటుంది. ఉన్న సమయం పాతవి గట్టి చేసుకోవడానికి పెడదాం, ఇది వద్దు అన్నారు.

"పూర్తిగా వద్దాండీ?"

"పూర్తిగా వద్దు."

కారణాంకాలకైతే తిరిగొస్తామన్న మాట ఉంది. దీనికి ఆ మాట లేదు. రావమ్మ తలూపింది. ఇంటికొచ్చి ఆ గడి వైపు చూడకుండా పాఠాలు తిరగేసింది. గోడకి అదొక్కటే చోటు ఉన్నట్టు కళ్ళు అక్కడికే పోయేవి.

లెక్కల పరీక్ష రోజున హాల్లో కారణాంకాల ప్రశ్న రెండోదిగా వచ్చింది. మైనస్సులతో. రావమ్మ మొదలుపెట్టింది, కలవలేదు. ఒక్క క్షణం పాత రావమ్మ లేచి కూర్చుంది, ఇది అతక్కుండా ముందుకి పోవద్దంది. కళ్ళముందు మూడు వారాల తెల్లగళ్ళు కనిపించాయి. రావమ్మ ఆ ప్రశ్న పక్కన చిన్న సున్నా చుట్టి, పేజీ తిప్పింది. వడ్డీ, క్షేత్రగణితం, రేఖాచిత్రం. అన్నీ అయ్యాక మళ్ళీ వెనక్కొచ్చింది. కలిసింది. స్పర్శరేఖల ప్రశ్న నిజంగానే వచ్చింది. దానికి బదులు ఇంకోటి రాసింది.

పరీక్షలయ్యాక ఇంటిపనుల్లో పడింది. కానీ చేతులకి ఏదో కొరతగా ఉండేది. శనివారం మధ్యాహ్నం మగ్గం ఆగగానే కాళ్ళు పలకల దగ్గరికి వెళ్ళేవి. వెళ్ళి ఏం చెయ్యాలో తెలిసేది కాదు. పాసౌతానా లేదా అన్న బెంగని టిక్కు పెట్టి తీసెయ్యడానికి లేదు.

జూన్‌లో ఫలితాలొచ్చాయి. అంకమ్మరావు బస్టాండుకి వెళ్ళి పేపరు కొని, నంబరు వేలితో వెతుక్కుని, మళ్ళీ వెతికి, ఇంటికొచ్చాడు. గుమ్మంలో నిలబడి, "రావమ్మా," అన్నాడు. పేరు పెట్టి పిలిచేసరికి ఆమె చేతిలో పని వదిలి లేచింది. ఏదో చెడ్డమాట చెబుతాడనుకుంది. అతను పేపరు చూపించాడు. నంబరుంది.

చౌడేశ్వరమ్మ బెల్లం ముక్క తెచ్చి కోడలి నోట్లో పెట్టింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి, చాలాసేపు రాలేదు. ముసలాయన మాట నిలబడిందని ఎవరికి చెప్పుకుందో, ఆ రాకపోవడమే చెప్పింది.

ఆషాఢం వచ్చింది. సంవత్సరీకానికి ఇంటికి వెల్ల వేయాలి, గోడలు దులపాలి. ముందుగది గోడ మీది కాగితం తీసెయ్యమని అంకమ్మరావుతో చెప్పింది చౌడేశ్వరమ్మ. అతను చెయ్యి వేయబోతే రావమ్మ ఆపింది. పాత జామెట్రీ పుస్తకం తీసుకుని పలకల మీద కూర్చుంది.

చౌడేశ్వరమ్మ గడప దగ్గర ఆగింది. "పాసయ్యావుగా. ఇంకెందుకే?"

"ఒకటి ఖాళీగా ఉందత్తయ్యా."

చౌడేశ్వరమ్మ కాగితం వంక చూసింది. అన్ని గళ్ళ మధ్యా తెల్లటి గడి ఒక్కటి ఎక్కడుందో ఆమెకి వెతకాల్సిన పనిలేకపోయింది. అదేదో తనకీ చాలా రోజులుగా కళ్ళలో నలుసులా ఉన్నట్టు, సున్నం బక్కెట్టు అవతల పెట్టించింది.

రావమ్మ పుస్తకం తెరిచింది. వృత్తం గీసింది, బయట ఒక చుక్క పెట్టింది, ఆ చుక్కనుంచి వృత్తాన్ని తాకుతూ పోయే గీత రెండువైపులా గీసింది. రెండూ సమానమని రుజువు చేయాలి. మొదటిసారి రాలేదు. రెండోసారి కేంద్రం నుంచి గీతలు కలిపి చూసింది. త్రిభుజాలు రెండు కనిపించాయి. పుస్తకం మూసింది. మళ్ళీ మొదటినుంచి, చూడకుండా రాసింది. వచ్చింది.

లేచి బొగ్గు పెన్సిలుతో ఆ గడిలో టిక్కు పెట్టింది. అంకమ్మరావు కాగితాన్ని అంచు పట్టి లాగాడు. గంజి గట్టిది, ముక్కలుముక్కలుగా వచ్చింది.

సంవత్సరీకం అయిన మర్నాడు పలకలు లేపారు. అటకమీది మగ్గం దించి గుంట మీద బిగించారు. ఎవరు దిగుతారన్న మాట ఎవరూ ఎత్తలేదు. రావమ్మ పైనెలలో ట్రైనింగుకి వెళ్తోంది. సాయంత్రం రెండు బుట్టల నిండా కండెలు చుట్టి తడిగుడ్డ కప్పి పెట్టింది. తెల్లారేసరికి ముందుగదిలో చప్పుడు వినిపించింది. అలవాటు తప్పిన చేతి దెబ్బ, ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా. చౌడేశ్వరమ్మ మొగుడి గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునుంది. పుట్టింట్లో నేర్చిన పనిట అది, పెళ్ళయ్యాక మళ్ళీ ముట్టలేదట. పక్కన బుట్టలో కండెలున్నాయి.

రావమ్మ వంటింట్లోంచి విన్నది. దెబ్బ తేలికపడింది. లేవబోయింది. బుట్టలో చెయ్యి పెట్టిన చప్పుడు, ఆ వెంటనే మళ్ళీ దెబ్బ. రావమ్మ కూర్చుంది. కొంచెంసేపటికి దెబ్బ మళ్ళీ తేలికపడితే, మళ్ళీ లేచింది.